పాలగ్లాసులో వచ్చిన పన్ను: లిగమెంట్, సిమెంటమ్ చదివేవారికి ఒక కేసు

గ్లాసు టీకొట్టుది. అందులో సగం వరకు పాలు, పాల అడుగున పై వరుస ముందు పన్ను. దాన్ని రెండు చేతులతో పట్టుకుని వచ్చినవారు నెల్లిమర్ల దగ్గరి ఒక ఊరి హైస్కూల్ డ్రిల్లు మాస్టారు. ఆయన వెనుక నోటికి రుమాలు అదుముకుని పదమూడేళ్ళ అబ్బాయి, వాడి వెనుక నాయనమ్మ. విజయనగరంలోని మా క్లినిక్ గోడ గడియారంలో అప్పుడు సాయంత్రం 5:05. ఇలాంటి కేసులో కాగితం మీద మొదట పడవలసింది పేరు కాదు, సమయం.

కబడ్డీలో ఎదుటివాడి మోకాలు మూతికి తగిలింది 4:15కి. మట్టిలో పన్ను వెతకడానికి ఐదు నిమిషాలు పట్టింది. మాస్టారు దాన్ని వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీసి, స్కూలు ఎదుటి కొట్టులో పాల ప్యాకెట్ చింపించి, కాచని చల్లని పాలలో వేశారు. అంటే గాలికి ఆరింది ఏడెనిమిది నిమిషాలు, పాలలో ఉన్నది నలభై నిమిషాలు. మట్టి అంటితే తుడవలేదా అని అడిగాను. "తుడవకూడదని ఎప్పుడో శిక్షణలో చెప్పారండీ, ఎందుకో మాత్రం నాకు తెలియదు" అన్నారు. 

నాయనమ్మకు నమ్మకం కుదరలేదు. "ఊడిన పన్ను ఇంటికప్పు మీద వేస్తాం గానీ మళ్ళీ నోట్లో పెడతారా అమ్మా?" అంది. పాలపన్నయితే నిజంగానే తిరిగి పెట్టం, కింద వస్తున్న పన్నుకు దెబ్బ అని. "ఇది పాలపన్ను కాదు పెద్దమ్మా, పాలలో వచ్చిన పన్ను" అన్నాను. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం మా అక్క కూతురు క్లినిక్‌లోనే ఉంది. బీడీఎస్ మొదటి సంవత్సరం చదువుతోంది, ఓరల్ హిస్టాలజీ పరీక్షకు నెల కూడా లేదు. పెరియోడాంటల్ లిగమెంట్ మీద ఆమె రాసుకున్న నోట్సు పదకొండు పేజీలు, అందులో ఒక్క పన్నూ లేదు. అబ్బాయి నోరు శుభ్రం చేసి మత్తు ఇచ్చేలోపు, పన్నును సెలైన్ గిన్నెలోకి మార్చి, నా భూతద్దాల కళ్ళజోడు ఆమెకు పెట్టాను. వేరు ఎలా ఉందో చెప్పమన్నాను.

"తెల్లగా లేదు పిన్నీ. లేత ఎరుపు. తడి గుడ్డ చుట్టినట్టుంది. ఒకచోట పీచు వేలాడుతోంది."

"ఆ తడి గుడ్డే నీ పదకొండు పేజీలు. అయితే పూర్తి గుడ్డ కాదు, సగం. మిగతా సగం వాడి గూడులో ఉంది."

ఎక్కడ తెగింది

లిగమెంట్ మందం ఎంతని అడిగితే పిల్లలు ఠక్కున 0.15 నుంచి 0.38 మిల్లీమీటర్లు అని చెబుతారు. వేరు నడిమి భాగంలో సన్నం, మెడ దగ్గరా కొన దగ్గరా వెడల్పు, వయసుతోపాటు తగ్గుతుంది. ఈ అబ్బాయి వయసులో సగటున 0.21 మిల్లీమీటర్లు ఉండేది, యాభై అరవై ఏళ్ళకు 0.15కు వస్తుంది. అంకె చెప్పడం సులువే. ఆ సందులో ఒక వైపు సిమెంటమ్, మరో వైపు ఎముక, నడుమ కొల్లాజెన్ తంతువులు, వాటి మధ్య కణాలు, రక్తనాళాలు, నరాలు ఇమిడి ఉన్నాయన్నది మనసుకు పట్టాలంటే ఊడిన పన్నును ఒకసారి దగ్గరగా చూడాలి.

దెబ్బకు పన్ను బయటికి వచ్చేటప్పుడు తంతువులు సిమెంటమ్‌లోంచి మేకుల్లా ఊడి రావు. ఎముకలోంచి కూడా సాధారణంగా ఊడవు. తెగేది నడుమ, లిగమెంట్ మందంలోనే. ఎందుకంటే తంతువుల రెండు కొనలూ గట్టి పదార్థంలో పాతుకుని ఉంటాయి. ఆ పాతుకున్న కొనలకే షార్పీ తంతువులని పేరు. పరీక్షలో ఎక్కువమంది లిగమెంట్ తంతువులన్నిటినీ షార్పీ తంతువులని రాసేస్తారు. అది తప్పు. సిమెంటమ్‌లోనో ఎముకలోనో పూడిపోయిన భాగమే షార్పీ తంతువు. మధ్యలో ఉన్నది ప్రధాన తంతువు.

రెండు ఒడ్డులూ ఒకలా ఉండవు. సిమెంటమ్ వైపు షార్పీ తంతువులు సన్నగా, ఎక్కువ సంఖ్యలో, దగ్గరదగ్గరగా దిగుతాయి. ఎముక వైపు లావుగా, తక్కువ సంఖ్యలో, ఎడంగా దిగుతాయి. గోడకు సన్న మేకులు వరసగా కొట్టడానికీ, దూలానికి నాలుగు పెద్ద మేకులు దిగ్గొట్టడానికీ ఉన్న తేడా అది. వేరు పై భాగంలోని సిమెంటమ్‌లో ఈ తంతువులు పూర్తిగా ఖనిజీకరణం చెంది ఉంటాయి. ఎముకలోను, వేరు కొన వైపు కణాలున్న సిమెంటమ్‌లోను పై పొర మాత్రమే గట్టిపడి, లోపలి గుజ్జు మెత్తగా మిగులుతుంది. ఈ ఒక్క వాక్యం జవాబులో కనిపిస్తే దిద్దేవారికి విద్యార్థి అసలు పుస్తకం తెరిచాడని తెలుస్తుంది.

మా అమ్మాయికి ఇక్కడ ఒక మంచి సందేహం వచ్చింది. తంతువు ముందా, సిమెంటమ్ ముందా? దంతాన్ని చుట్టి ఉండే డెంటల్ ఫాలికిల్ కణాల నుంచే సిమెంటోబ్లాస్టులు, లిగమెంట్ ఫైబ్రోబ్లాస్టులు, గూడు లోపలి ఎముకను వేసే ఆస్టియోబ్లాస్టులు మూడూ పుడతాయి. వేరు మీద ముందుగా చిన్న తంతువుల అంచు కట్టుకుంటుంది, సిమెంటమ్ వాటి మొదళ్ళ చుట్టూ గట్టిపడుతుంది. తరువాత ఆ తంతువులు పొడుగు పెరిగి, ఎముక నుంచి వచ్చేవాటితో కలుస్తాయి. వరి నాటిన మడిలో మట్టి గట్టిపడితే మొదళ్ళు ఎలా బిగుసుకుంటాయో అలాగ. అందుకే ఆ సిమెంటమ్ పేరులోనే బయటి తంతువులు అనే అర్థం ఉంది: ఏసెల్యులర్ ఎక్స్‌ట్రిన్సిక్ ఫైబర్ సిమెంటమ్. తంతువులు సిమెంటమ్ సొంతం కావు, లిగమెంట్‌వి. పన్నును పట్టి ఉంచే పనిలో ప్రధాన భాగం దీనిదే. వేరు పైనుంచి మూడింట రెండు వంతుల మేర ఉంటుంది.

ఉట్టి బొమ్మ

పన్ను సెలైన్‌లో ఉండగా గూడులోని రక్తపు గడ్డను సెలైన్‌తో మెల్లగా కడిగాను. గీకలేదు. గీకితే లిగమెంట్ మిగిలిన సగమూ పోతుంది. గూడు గోడ విరగలేదని వేలితో తడిమి చూసి, పన్నును పైభాగం పట్టుకుని, వేలి ఒత్తిడితో నిదానంగా పైకి జరిపాను. చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర కాస్త ఆగింది, తరువాత మెత్తగా కూర్చుంది. కూర్చున్న క్షణంలో చిగురు అంచున రెండు చుక్కల రక్తం ఉబికింది. ఎక్స్‌రే తీస్తే వేరు చుట్టూ సన్నని నల్ల గీత, దాని చుట్టూ తెల్ల గీత. నల్లది లిగమెంట్ సందు. తెల్లది లామినా డ్యూరా, షార్పీ తంతువులు దిగే బండిల్ ఎముక ఎక్స్‌రేలో కనిపించే తీరు.

బల్ల మీద అమ్మాయి తెరిచి ఉంచిన నోట్సులో లిగమెంట్ బొమ్మ ఉంది. అందులో వాలు తంతువులు తలకిందులుగా గీసి ఉన్నాయి. ఇది ఆమె ఒక్కతి తప్పు కాదు; ప్రాక్టికల్ రికార్డుల్లో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే.

ప్రధాన తంతువుల గుంపులు ఐదు. గూడు అంచు దగ్గరివి, అడ్డంగా ఉన్నవి, వాలుగా ఉన్నవి, వేరు కొనవి, రెండు మూడు వేళ్ళున్న పళ్ళలో వేళ్ళ నడిమివి. వీటిలో ఎక్కువ సంఖ్యలో ఉన్నవి, నమిలేటప్పుడు నిలువుగా పడే బరువును మోసేవి వాలు తంతువులు. వాటి వాలు ఎటు అన్నదే అసలు ప్రశ్న. కింది దవడ పన్నును తీసుకుంటే, తంతువు కొన పన్ను వైపు కిందగా, ఎముక వైపు పైగా ఉంటుంది. పాతకాలం వంటింట్లో ఉట్టి గుర్తు తెచ్చుకోండి. తాడు పై కొన దూలానికి, కింది కొన కుండకు. కుండలో పెరుగు నిండేకొద్దీ తాడు బిగుస్తుంది, బరువంతా దూలానికి లాగుడుగా చేరుతుంది. పన్ను మీద కొరుకు బరువు పడి గూడులోకి దిగబోతే వాలు తంతువులు అలాగే బిగుసుకుని ఎముకను లాగుతాయి. ఎముకకు ఒత్తిడి కన్నా లాగుడు మేలు. ఒత్తిడి తగిలినచోట ఎముక కరుగుతుంది, లాగుడున్నచోట పెరుగుతుంది. అమ్మాయి గీసినట్టు వాలు ఎదురుగా ఉంటే పన్ను దిగగానే తంతువులు వదులైపోయి, వేరు నేరుగా గూడు అడుగును గుద్దుతుంది. పై దవడ పన్నుకు ఇదే బొమ్మను పుస్తకం తిప్పి చూడండి. కొన వైపు పన్ను, మెడ వైపు ఎముక అన్నది ఏ దవడకైనా మారదు.

ఉట్టితో కథ మొత్తం అయిపోదు. తంతువుల మధ్య గ్రౌండ్ సబ్‌స్టెన్స్‌లో 70 శాతం దాకా నీరే. తేలికపాటి ఒత్తిడికి మొదట ఆ ద్రవమూ నాళాల్లోని రక్తమూ పక్కకు జరిగి మెత్తగా ఆపుతాయి, తంతువులు బిగుసుకోవడం ఆ తరువాత. పరీక్షలో ఆధారం ఇచ్చే పని గురించి అడిగితే రెండూ రాయాలి.

రెండు వారాల కట్టు

పన్ను తిరిగి ఊడకుండా పక్క పళ్ళకు 0.4 మిల్లీమీటర్ల సన్నని స్టీలు తీగను కాంపోజిట్‌తో అంటించాను. గట్టి పట్టీ వేయొచ్చుగా, ఇంకా కదలదుగా అని మాస్టారు అడిగారు. కదలకూడదనే కోరిక తప్పు. కొద్దిపాటి కదలిక అందితేనే లిగమెంట్ కణాలు తంతువులను దిశ ప్రకారం కడతాయి. అడుగడుగునా బిగించి ఎక్కువ రోజులు ఉంచితే ఎముక వచ్చి వేరుకు అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. అందుకే సన్న తీగ, రెండు వారాలే.

ఆ రెండు వారాలలో లోపల జరిగేది సూక్ష్మదర్శిని కింద చూసినవారున్నారు. డెన్మార్క్‌కు చెందిన ఆండ్రియాసెన్ బృందం కోతుల పళ్ళు తీసి తిరిగి నాటి చేసిన పరిశీలనల నుంచే మా వైద్యానికి ఆధారం వచ్చింది. మొదట తెగిన రెండు అంచుల మధ్య రక్తపు గడ్డ ఉంటుంది. వారానికి చిగురు తంతువులు కలుస్తాయి, లిగమెంట్‌లో కొత్త కొల్లాజెన్ మొదలవుతుంది. రెండు వారాలకు తెగిన గీతను దాటి తంతువులు అటూ ఇటూ కలిసి, పన్నును నిలిపేంత బలం తిరిగి వస్తుంది.

ఇంత వేగం ఎముకకు లేదు, చర్మానికి లేదు. కారణం ఫైబ్రోబ్లాస్టు. లిగమెంట్ కణాలలో సంఖ్యలో పెద్దది ఇదే. కొత్త కొల్లాజెన్ వేసేదీ, పాతదాన్ని మింగి అరిగించుకునేదీ ఒకే కణం. ఆరోగ్యంగా ఉన్న నోట్లో కూడా ఈ పని రోజూ జరుగుతూనే ఉంటుంది. దెబ్బ తగిలాక అదే పని కాస్త తొందరగా జరిగింది, అంతే. అయితే దీనికి ఒక షరతు ఉంది: వేరు మీద మిగిలిన కణాలు బతికి ఉండాలి.

పాల అవసరం ఇక్కడే. పాలలో లవణాల గాఢత, పీహెచ్ కణానికి సరిపడేలా ఉంటాయి. మంచినీళ్ళలో వేస్తే నీరు కణంలోకి చొరబడి ఉబ్బి పగులుతుంది. గాలికి వదిలేస్తే ఎండిపోతుంది. గంట దాటితే వేరు మీది కణాలు చచ్చాయనే లెక్క వేసుకుంటాం. తుడవకూడదని మాస్టారికి చెప్పినవారు కారణం చెప్పలేదు. తుడిస్తే పోయేది మట్టి కాదు, ఫైబ్రోబ్లాస్టులు, వాటి కింద సిమెంటమ్‌ను కాచే సిమెంటోబ్లాస్టుల వరస.

మిగతా వైద్యం త్వరగా చెప్పేస్తాను. ధనుర్వాతం టీకా చూసుకున్నాం, వారం పాటు అమాక్సిసిలిన్, క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి, మెత్తని అన్నం. పదమూడేళ్ళకు ఈ పన్ను వేరు కొన మూసుకుపోయి ఉంటుంది కాబట్టి తెగిన పల్ప్ తిరిగి బతికే ఆశ లేదు. పదో రోజున, తీగ ఉండగానే, రూట్ కెనాల్ మొదలుపెట్టి కాల్షియం హైడ్రాక్సైడ్ నింపాను. పద్నాలుగో రోజు తీగ తీశాను. నెల తరువాత కెనాల్ పూర్తి చేశాను.

సిమెంటమ్ లేకపోతే

మూడేళ్ళ క్రితం శ్రీకాకుళం వైపు నుంచి పదకొండేళ్ళ పాపను తీసుకొచ్చారు. అదే పన్ను, అదే దెబ్బ. వాళ్ళమ్మ ఎంతో జాగ్రత్తగా పన్నును కుళాయి కింద కడిగి, టూత్‌బ్రష్‌తో రుద్ది, తెల్లగా మెరిసేలా చేసి, కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకుంది. వచ్చేసరికి నాలుగు గంటలు. ఆ పన్నును చూడగానే నాకు సంగతి అర్థమైంది. వేరు శుభ్రంగా, పొడిగా, దంతపు బొమ్మలా ఉంది. అయినా తిరిగి నాటాను. ముందు పన్ను పోతే ఆ వయసులో ఎముక కూడా సన్నబడిపోతుంది. నిలిచినన్నాళ్ళు ఎముకను నిలబెడుతుందని. ఏమవుతుందో తల్లికి ఆ రోజే చెప్పాను.

ఇక్కడ సిమెంటమ్ చేసే రెండో పని బయటపడుతుంది. మొదటిది తంతువులను పట్టుకోవడం, రెండోది డెంటిన్‌కు కాపలా. ఎముకను ఒంట్లో ఎప్పుడూ కరిగించి మళ్ళీ కడుతూనే ఉంటారు ఆస్టియోక్లాస్టులు, ఆస్టియోబ్లాస్టులు. వేరు ఆ ఎముకకు వెంట్రుక మందం దూరంలో జీవితమంతా ఉంటుంది, అయినా కరగదు. సిమెంటమ్ ఉపరితలం మీద ఎప్పుడూ ఖనిజీకరణం చెందని సన్నని ప్రీసిమెంటమ్ పొర, దాని మీద సిమెంటోబ్లాస్టులు ఉండటమే దానికి ముఖ్య కారణం. క్లాస్టు కణం గట్టి ఖనిజానికే అంటుకుంటుంది, మెత్తని పొరకు అంటదు. క్లిప్పులు వేసి పళ్ళు జరిపేటప్పుడు ఎముక కరిగి దారి ఇచ్చినా వేరు చాలావరకు నిలిచేది ఈ తేడా వల్లనే.

పాప పన్ను మీద ఆ కాపలా పోయింది. గూడు వైపు నుంచి ఎముక కణాలు వచ్చి, అడ్డు లేక వేరుకు నేరుగా అతుక్కున్నాయి. దీన్నే యాంకైలోసిస్ అంటాం. అతుక్కున్న వేరును శరీరం ఎముకలో ఒక ముక్కగానే లెక్కగట్టి, ఎముకను ఎలా కరిగించి మళ్ళీ కడుతుందో దాన్నీ అలాగే కరిగించి ఆ జాగాలో ఎముకను వేస్తుంది. పిల్లలలో ఎముక పని వేగంగా సాగుతుంది కాబట్టి ఇది కూడా తొందరగా జరుగుతుంది. నోట్సులో ఒక మూల ఉండే మలాసే కణాల గుంపులకూ ఈ సందును ఎముక ఆక్రమించకుండా చూడటంలో పాత్ర ఉందని భావిస్తారు. హెర్ట్‌విగ్ తొడుగు విడిపోగా లిగమెంట్‌లో, సిమెంటమ్‌కు దగ్గరగా మిగిలిపోయిన ఉపకళా కణాలవి. పరీక్షలో వాటి పేరు సిస్టుల దగ్గరే ఎక్కువగా అడుగుతారు.

ఇంకో రకం నష్టం ఉంది, దానిని దీనితో కలపకూడదు. సిమెంటమ్ ఒకచోట దెబ్బతిని డెంటిన్ గొట్టాలు బయటపడి, లోపల పల్ప్ కుళ్ళి క్రిములు చేరితే, వాటి విషం ఆ గొట్టాల గుండా లిగమెంట్‌లోకి చేరి వేరును వేగంగా తినిపిస్తుంది. ఎక్స్‌రేలో వేరు మీద గిన్నెలా గుంట, పక్క ఎముకలో నల్లని మచ్చ కనిపిస్తాయి. దీన్ని ఆపవచ్చు, కెనాల్ శుభ్రం చేస్తే ఆగుతుంది. అబ్బాయికి పదో రోజునే కెనాల్ తెరిచింది ఇందుకే. ఎముక అతుక్కున్న పన్నును మాత్రం విడదీసే మందు లేదు.

వేరు నడుమ చిన్న పల్లం

అబ్బాయి ఆరో నెల ఎక్స్‌రేలో వేరు నడిమి భాగంలో ఒక పక్క చిన్న, లోతులేని పల్లం కనిపించింది. నల్ల గీత మాత్రం తెగకుండా ఆ పల్లాన్ని అనుసరించి లోపలికి వంగి, మళ్ళీ బయటికి వచ్చింది. మోకాలు దెబ్బకు ఆ ఒక్కచోట సిమెంటమ్ నలిగి ఉంటుంది. క్లాస్టు కణాలు నలిగినదాన్ని ఊడ్చి వెళ్ళాయి, చుట్టూ బతికి ఉన్న లిగమెంట్ నుంచి సిమెంటోబ్లాస్టులు వచ్చి కొత్త సిమెంటమ్‌తో పూడ్చాయి. సందు నిలిచి ఉండటమే ఆ భరోసా. పల్లం ఉండి గీత లేకపోతే భయపడాలి.

అలా పూడ్చిన సిమెంటమ్ ఏ రకం అని అమ్మాయి అడిగింది. ఎక్స్‌రే చెప్పలేదు, వాడి పన్నును కోసి స్లైడు చేయలేం. అయితే మరమ్మతు గుంటలలో సాధారణంగా పడేది కణాలు చిక్కుకున్న, తన సొంత తంతువులున్న సిమెంటమ్. తొందరగా వేసేది కాబట్టి వేసిన కణాలే లోపల ఇరుక్కుపోతాయి. వాటికే సిమెంటోసైట్లని పేరు. వేరు కొన మూడో వంతులోను, వేళ్ళు చీలేచోట కూడా సెల్యులర్ సిమెంటమ్ కనిపిస్తుంది. పై సగంలో సిమెంటమ్ మందం 16 నుంచి 60 మైక్రాన్లయితే, కొన దగ్గర 150 నుంచి 200 దాకా ఉంటుంది. పళ్ళు అరిగేకొద్దీ కొన వైపు సిమెంటమ్ చేరుతూ ఆ లోటును కొంత పూడుస్తుంది.

స్లైడ్ల గురించి ఒక మాట ఇక్కడే. అరగదీసిన గ్రౌండ్ సెక్షన్‌లో సిమెంటోసైట్ల గుంటలు నల్లని సాలీళ్ళలా కనిపిస్తాయి, లోపల కణం పోయి గాలి చేరడం వల్ల. సాలీడి కాళ్ళు ఎక్కువగా ఒకే వైపుకు, బయట లిగమెంట్ వైపుకు చాచి ఉంటాయి. సిమెంటమ్‌లో రక్తనాళాలు లేవు. తిండి రావలసింది లిగమెంట్ నుంచే కాబట్టి కాళ్ళు అటే. ఎముక కణం గుంటలకు కాళ్ళు అన్ని వైపులా ఉంటాయి. ఎముకా సిమెంటమా అని స్పాటర్‌లో తికమక పడితే కాళ్ళు చూడండి. ఆ స్లైడులో లిగమెంట్ కోసం వెతకవద్దు. ఎండబెట్టి అరగదీసిన ముక్కలో మెత్తని కణజాలం మిగలదు. లిగమెంట్ చూడాలంటే ఆమ్లంతో ఖనిజం తీసేసి రంగు వేసిన డీకాల్సిఫైడ్ సెక్షన్ కావాలి. దానిలో ఎనామెల్ ఉండదు, ఎందుకంటే దాదాపు అంతా ఖనిజమే కాబట్టి ఆమ్లంలో కరిగిపోతుంది. ఈ రెండూ కలిపి ఒకే బొమ్మలో గీసేవారు ప్రతి ఏడూ ఉంటారు.

రెండు శబ్దాలు

ఏడాది పూర్తయినప్పుడు అబ్బాయినీ పాపనూ ఒకే శనివారం రమ్మన్నాను. పరీక్ష ఎప్పుడో అయిపోయింది, అయినా అమ్మాయికి వినిపించాలని. అద్దం పిడితో ముందుగా అబ్బాయి పక్క పన్నును తట్టాను, తరువాత నాటిన పన్నును. రెండూ ఒకే మెత్తని చప్పుడు. మధ్యలో తంతువులు, ద్రవం ఉన్నాయి, అవి దెబ్బను కొంత మింగేస్తాయి. వేలితో కదిపితే మామూలు పన్నంత స్వల్పంగా కదిలింది. కళ్ళు మూసుకుని ఏ పన్ను తట్టానో చెప్పమంటే వాడు సరిగ్గా చెప్పాడు. వాడి పన్నులో నరం లేదు కదా, కెనాల్ చేశాం కదా అని అమ్మాయి ఆశ్చర్యపోయింది. ఆ నరం పల్ప్‌ది. ఒత్తిడీ స్పర్శా తెలిపేది లిగమెంట్‌లోని ట్రైజెమినల్ నరపు కొనలు, ముఖ్యంగా వేరు కొన వైపు ఎక్కువగా ఉండే రఫీనీ రకం గ్రాహకాలు. అవి తిరిగి వచ్చాయి.

పాప పన్ను తడితే గిన్నె మీద చెంచాతో కొట్టినట్టు గట్టి లోహపు చప్పుడు. కదలిక అసలు లేదు. ఎక్స్‌రేలో వేరు సగానికి పైగా నల్ల గీత మాయమై, ఎముక గీతలు నేరుగా డెంటిన్‌లోకి పాకాయి. చప్పుడు మారడానికి వేరు కొంత భాగమైనా అతుక్కోవాలి కాబట్టి మొదటి నెలల్లో మామూలుగా వినిపించిందని ఎవరూ నిశ్చింతగా ఉండకూడదు. ఈసారి ఇంకొకటి కూడా గమనించాను: పక్క పళ్ళ అంచుల కన్నా ఆ పన్ను అంచు పైకి పోయినట్టు కనిపిస్తోంది. నిజానికి పోలేదు. పాప ఎదుగుతోంది, దవడ ఎముక దిగుతోంది, మిగతా పళ్ళు లిగమెంట్ సాయంతో దానితోపాటు దిగుతున్నాయి. ఎముకకు అతుక్కున్న పన్ను ఉన్నచోటే ఆగిపోయింది. కొలిస్తే 1 మిల్లీమీటరుకు కొద్దిగా ఎక్కువ వచ్చింది.

"ఇది ఎప్పుడు మిగతావాటికి సమానంగా వస్తుందండీ?" అని వాళ్ళమ్మ అడిగింది. రాదని చెప్పి, ఎక్స్‌రే దీపం మీద పెట్టి, ఏమి చేయబోతున్నామో చూపించాను. వచ్చే నెల పన్ను పైభాగాన్ని ఎముక అంచు కిందకు కోసేసి, వేరును లోపలే వదిలేస్తాం. అది మెల్లగా ఎముకగా మారిపోతుంది, ఆ ఎముక పైన కొత్తది చేరుతుంది, పెద్దయ్యాక ఇంప్లాంట్‌కు చోటు మిగులుతుంది. అప్పటిదాకా తీసి పెట్టుకునే పన్ను వాడుకోవాలి.